ఫ్రిజ్‌లో మాంసం, చేప, మిగిలిన కూర: రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

ఫ్రిజ్‌లో పెట్టిన మాంసం ఎన్నాళ్లు ఆగుతుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. మూడు రోజులని ఒకరంటే వారమని ఇంకొకరు, డీప్‌లో పడేస్తే ఎన్నాళ్లయినా ఏమీ కాదని మరొకరు. అధికారిక సంస్థలు చెప్పే మాట కూడా ఒకటిగా లేదు. వండి మిగిలిన కూరకు అమెరికా వ్యవసాయ శాఖ మూడు నాలుగు రోజులు గడువిస్తే, బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ రెండు రోజుల్లో ముగించమంటుంది, అన్నమైతే ఒక్క రోజే అంటుంది. రెండు సంస్థలూ చూసేది అవే సూక్ష్మజీవులను, నమ్ముకున్నది అదే శాస్త్రాన్ని. తేడా అంతా ఇంటివాళ్లు చేసే పొరపాట్లకు ఎంత జాగా వదలాలన్న దగ్గర వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు తేల్చుకోవలసింది అదే. నేను చెప్పదలచుకున్నది ఇది: రోజుల లెక్క ఫ్రిజ్ తలుపు వేసినప్పుడు మొదలవదు. మాంసానికైతే కత్తి పడిన గంట నుంచి, చేపకైతే నీళ్లలోంచి తీసిన గంట నుంచి, కూరకైతే పొయ్యి ఆర్పిన గంట నుంచి మొదలవుతుంది. ఫ్రిజ్ ఆ లెక్కను నెమ్మదింపజేయగలదు కానీ వెనక్కి తిప్పలేదు. అందుకని మన ఇళ్లలో కింది అరకు ఎప్పుడూ చిన్న అంకెనే పట్టుకోవాలి, డీప్‌లో పెట్టాలా వద్దా అన్న నిర్ణయం మాంసం తెచ్చిన రోజే తీసుకోవాలి.

ముందు ఎక్కువమంది ఉదహరించే అమెరికా పట్టిక ఏమంటుందో చూద్దాం. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉంటే పచ్చి మటన్ ముక్కలు మూడు నుంచి ఐదు రోజులు ఆగుతాయి. కోడి మాంసం, కైమా, కాలేయం లాంటి లోపలి భాగాలు, పచ్చి చేప ఒకటి రెండు రోజులే. వండినవి ఏవైనా మూడు నాలుగు రోజులు. ఈ అంకెల వెనక రెండు షరతులున్నాయి. మొదటిది, మాంసం కోసిన కొన్ని గంటల్లోనే చల్లబడి, దుకాణం దాకా, అక్కడి నుంచి ఇంటిదాకా ఆ చల్లదనం తప్పకుండా వచ్చి ఉండాలి. రెండోది, ఫ్రిజ్ నిజంగా 4 డిగ్రీల దగ్గరే ఉండాలి. మన ఊళ్లలో మొదటి షరతు సాధారణంగా నెరవేరదు. ఆదివారం పొద్దున కోసిన పొట్టేలు మాంసం వెచ్చగా ఉండగానే అమ్ముడవుతుంది, మనకు కావలసిందీ అలాంటి తాజా మాంసమే. ఇందులో తప్పేమీ లేదు. కోసిన గంటా రెండు గంటల్లో పొయ్యి ఎక్కే మాంసానికి చల్లదనంతో పనే లేదు. ఇబ్బందల్లా అందులో సగం మిగిల్చి బుధవారానికి దాచుకుందామనుకున్నప్పుడే వస్తుంది. కొక్కేనికి వేలాడిన గంటలు, కవర్లో తిరిగిన గంటలు అప్పటికే ఖాతాలో రాసి ఉంటాయి.

రెండో షరతు సంగతి మన చేతుల్లోనే ఉంది, అయినా ఎక్కువ ఇళ్లలో ఎవరూ చూసుకోరు. ఫ్రిజ్ లోపలి గుండ్రటి మీట మీద ఉండే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. అవి యంత్రం ఎంత గట్టిగా పనిచేయాలో మాత్రమే చెబుతాయి. ఏప్రిల్‌లో, అరలన్నీ టమాటాలతో, పాల గిన్నెలతో, ఇడ్లీ పిండితో కిక్కిరిసి, పిల్లలు నీళ్ల సీసా కోసం గంటకు నాలుగుసార్లు తలుపు తీసే ఇంట్లో అదే అంకె మీద లోపల 8 డిగ్రీలో 10 డిగ్రీలో ఉన్నా ఆశ్చర్యం లేదు. తెలుసుకునే పద్ధతి తేలిక. కొన్ని వందల రూపాయలకు దొరికే ఫ్రిజ్ థర్మామీటరును ఒక గ్లాసు నీళ్లలో వేసి, మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున తలుపు తీయగానే చూడాలి. గాలి వేడి క్షణక్షణానికి మారుతుంది, నీళ్ల వేడి అలా మారదు, అందుకే గ్లాసు. 4 చూపిస్తే పట్టికలోని అంకెలు మీ ఇంటికి దగ్గరగా వర్తిస్తాయి. 8 చూపిస్తే వర్తించవు. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చగా ఉంటాయి కాబట్టి మాంసం, చేప అక్కడ పెట్టకూడదు. కింది అరలో, వెనక గోడ దగ్గర, రసం కారకుండా మూతగిన్నెలో పెట్టాలి.

నాలుగైదు డిగ్రీల తేడాకే అంత ముంచుకొస్తుందా అన్న సందేహానికి చేప మంచి జవాబు చెబుతుంది. చేప పాడయ్యే వేగం మీద శాస్త్రవేత్తలు వాడే ఒక తేలికైన సూత్రం ఉంది. డిగ్రీల సంఖ్యను పదో వంతు చేసి, ఒకటి కలిపి, దాన్ని దానితోనే హెచ్చవేయాలి. కరిగే మంచులో, అంటే సున్నా డిగ్రీల దగ్గర, వేగం ఒకటి. 4 డిగ్రీల దగ్గర దాదాపు రెండు. 10 డిగ్రీల దగ్గర నాలుగు. మంచులో పది రోజులు ఆగగల చేప మంచి ఫ్రిజ్‌లో ఐదు రోజులు, కిక్కిరిసిన ఫ్రిజ్‌లో రెండున్నర రోజులు మాత్రమే ఆగుతుందన్నమాట. ఆ పది రోజుల్లో కొన్ని అప్పటికే ఖర్చయి ఉంటాయి. సముద్రానికి దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పీఠభూమికి వంజరం, అయిల లాంటివి తూర్పు తీరం నుంచి, రోహు, కట్ల ఎక్కువగా కృష్ణా, గోదావరి ప్రాంతాల చెరువుల నుంచి మంచు పెట్టెల్లో రావాలి. పట్టినప్పటి నుంచి మన సంచిలో పడేదాకా ఎన్ని రోజులైందో అమ్మేవాడికే ఒక్కోసారి తెలియదు. అందుకే పట్టిక చేపకు ఒకటి రెండు రోజులు చెబితే, మన దగ్గర ఒక రోజే అనుకోవడం సబబు. స్థానిక చెరువులో ఆ పొద్దునే పట్టిన చేపకైతే రెండు రోజులు ఇవ్వవచ్చు.

ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. వెచ్చటి నీళ్లలో పెరిగే చేపల మీది బాక్టీరియా వెచ్చదనానికి అలవాటు పడినవి, మంచులో పెడితే చాలా మందగిస్తాయి. అందువల్ల మన రోహు, కట్ల మంచులో ఉన్నంతకాలం చలిదేశాల చేపలకన్నా బాగా నిలుస్తాయి. కానీ ఆ మేలు మంచులోనే దక్కుతుంది, 10 డిగ్రీల ఫ్రిజ్‌లో చేతికి రాదు. కాబట్టి చేప తెచ్చిన వెంటనే పేగులు, మొప్పలు తీయించి, రక్తం కడిగి, తడి తుడిచి, మూతగిన్నెలో వేసి, ఆ గిన్నెను మంచు ముక్కలు పోసిన పెద్ద పాత్రలో కూర్చోబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ ఒక్క పనితో సగానికి సగం ఆయుష్షు పెరుగుతుంది. కొనేటప్పుడే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన చోట గుంట పడితే వెంటనే పూడాలి. పొట్ట చీల్చినప్పుడు పక్కటెముకలు కండనుంచి వాటంతటవే విడివడుతుంటే ఆ చేపకు ఫ్రిజ్ ఏమీ చేయలేదు. అయిల, కవళ్లు, తూర, వంజరం విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. ఇవి వెచ్చగా నిలవ ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబారడం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. వండినా, గడ్డ కట్టించినా అది పోదు. కాబట్టి మంచు లేకుండా ఎండలో పట్టా మీద పరిచిన అయిలలను చౌకగా వస్తున్నాయని కొని ఫ్రిజ్‌లో దాచడం పనికిరాదు.

మటన్‌ది కొంచెం వేరే కథ. ముక్కలుగా ఉన్న మటన్ లోపలికి బాక్టీరియా చేరదు, పై పొర మీదే ఉంటుంది. అందుకే దానికి మూడు నుంచి ఐదు రోజులు. అదే మాంసాన్ని కైమా కొట్టిస్తే పైపొర అంతా లోపలికి కలిసిపోతుంది, యంత్రంలో మిగిలిన పాత మాంసం తడి కూడా తోడవుతుంది. దాంతో గడువు ఒకటి రెండు రోజులకు పడిపోతుంది. తలకాయ, బోటి, కాలేయానికీ అదే గడువు. మన పద్ధతిలో కోసిన మటన్‌కు నేను చెప్పే అంకె రెండు రోజులు. థర్మామీటరు 4 చూపిస్తే మూడు. కోడికి మరుసటి రోజు సాయంత్రమే హద్దు. దుకాణంలో ఒకే డ్రమ్ము నీళ్లలో ఎన్నో కోళ్లు ముంచి ఈకలు తీస్తారు కనుక ఒకదాని పేగుల్లోని క్రిములు ఇంకొకదాని చర్మానికి అంటుకోవడం మామూలే. ఇంటికి తెచ్చాక కడిగి దాచాలన్న అలవాటు కూడా మేలు చేయదు. తడి ఉన్న మాంసం త్వరగా జిగురెక్కుతుంది, చిందిన నీళ్లు సింకులోని గిన్నెలకు అంటుతాయి. దాచేటప్పుడు పొడిగా దాచి, వండే ముందు కడుక్కోవడమే నయం. పసుపు, ఉప్పు పట్టించి పెడితే ఎక్కువ రోజులు ఉంటుందన్న నమ్మకం మీద కూడా ఆధారపడకూడదు. వంటకు వేసే చిటికెడు పసుపు నిలవ చేసే మందు కాదు. ఉప్పు నిలవ చేస్తుంది, కానీ ఉప్పుకండకు పట్టించినంత పట్టించి ఎండబెడితేనే.

మటన్‌ను డీప్‌లో పెట్టే వేళ మీద చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కోసిన తర్వాత కొన్ని గంటలపాటు కండరం ఇంకా పూర్తిగా బిగుసుకోదు. ఆ దశలో, వెచ్చగా ఉండగానే గడ్డ కట్టిస్తే, కరిగించినప్పుడు కండరం ఒక్కసారిగా ముడుచుకుని రసమంతా వదిలేస్తుంది. ఆ ముక్క ఎంత ఉడికించినా నారలాగే ఉంటుంది. డీప్‌లో పెట్టిన మటన్ రుచి చెడిపోతుందనే ఫిర్యాదులో కొంత భాగం ఇక్కడిదే, తప్పు డీప్‌ది కాదు, తొందరది. కాబట్టి పొద్దున తెచ్చిన మటన్‌ను మూతగిన్నెలో ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు ఉంచి, మరునాడు ఒక్కో పూటకు సరిపడా పొట్లాలు కట్టి డీప్‌లోకి మార్చాలి. కోడి కండరం ఇంతకన్నా చాలా త్వరగా బిగుసుకుంటుంది, దాన్ని ఆ రోజు సాయంత్రమే డీప్‌లో పెట్టేయవచ్చు. చేపను ఎంత త్వరగా పెడితే అంత మంచిది.

వండి మిగిలినవాటి దగ్గరికొస్తే ప్రమాదం ఫ్రిజ్‌లో గడిచిన రోజుల్లోకన్నా ఫ్రిజ్‌లోకి చేరేలోపు గంటల్లోనే ఎక్కువ. ఒక లెక్క తీసుకుందాం. ఒక ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఐదు లీటర్ల గిన్నెలో పొట్టేలు కూర దించారు. భోజనాలయ్యాక సగం మిగిలింది. చల్లారాక పెడదామని మూత వేసి పొయ్యి పక్కనే ఉంచారు. దళసరి గిన్నె, మూత, పైన తేలిన కొవ్వు కలిసి వేడిని పట్టి ఉంచుతాయి. మధ్యలో ఉన్న కూర గంటల తరబడి 50 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండిపోతుంది. ఉడికినా చావని క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ విత్తనాలు మేలుకోవడానికి కావలసింది ఆ వేడే. అనువైన వేడి దొరికితే అది పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రాత్రి తొమ్మిదికి ఫ్రిజ్‌లో చేరే కూరలో ఏముందో రుచికి తెలియదు, వాసనకు తెలియదు. అందుకే వంట తర్వాత రెండు గంటల్లోపు, గది వేడి 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటలోపు, కూర ఫ్రిజ్‌లో చేరాలని నియమం. మదనపల్లె ఎండలు తిరుపతి ఎండలంత కావు గానీ, ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం 32 ఇక్కడా దాటుతుంది. అదే కూరను మూడు వేళ్ల లోతు మించని వెడల్పాటి గిన్నెల్లోకి పంచి, గిన్నె అడుగు చన్నీళ్ల తొట్టిలో పెట్టి, రెండు మూడుసార్లు కలిపితే అరగంటలో చెయ్యి పెట్టగలిగే వేడికి దిగుతుంది. ఆ దశలో ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. గోరువెచ్చటి చిన్న గిన్నెల వల్ల ఫ్రిజ్ పాడైపోదు. మరుగుతున్న పెద్ద గిన్నె పెడితే మాత్రం పక్కనున్న పాలు, పచ్చి మాంసం వేడెక్కుతాయి.

ఇలా పెట్టిన కూరకు రెండు రోజులు, 4 డిగ్రీల ఫ్రిజ్ అయితే మూడు. నాలుగో రోజు అక్కర్లేదు. చల్లదనంలోనూ మెల్లగా పెరిగే లిస్టీరియా లాంటి బాక్టీరియా ఉంది, గర్భిణులకు, ముసలివాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. బిరియానీకి, అన్నం కలిపిన వేటికైనా మరునాటి పూటే హద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ బాక్టీరియా అన్నం వెచ్చగా నిలవ ఉన్నప్పుడు వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. తినేటప్పుడు ఆ పూటకు కావలసినంతే తీసి, ఆవిరి పొగలు వచ్చేదాకా మధ్యలో కూడా కాచి తినాలి, తినగా మిగిలింది మళ్లీ లోపల పెట్టకూడదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఫ్రిజ్ లేని రోజుల్లో చేపల పులుసు రెండు మూడు రోజులు తిన్నారు కదా, మర్నాడే రుచి కూడా కదా అంటారు. అది నిజం. దాని వెనక మూడు కాపలాలున్నాయి. చింతపండు పులుపు చాలా బాక్టీరియాను ఎదగనివ్వదు. ఉప్పు, నూనె మనం ఇప్పుడు వేసేదానికన్నా ఎక్కువ పడేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పులుసు తెర్లకాచేవారు. ఈ మూడూ ఉన్న పులుసుకూ, కొబ్బరి, గసగసాలు నూరి వేసిన మటన్ కుర్మాకూ పోలిక లేదు. కుర్మాలో పులుపు తక్కువ, బాక్టీరియాకు తిండి ఎక్కువ. పైగా రోజూ కాచడం బతికున్న క్రిములను చంపుతుందే గానీ, చేతినుంచి చేరిన స్టెఫిలోకాకస్ అప్పటికే వదిలిన విషాన్ని పోగొట్టదు. ఆ విషం మరుగుతున్న నీటిని కూడా తట్టుకుంటుంది. పెద్దల పద్ధతి పులుసుకు సరైన పద్ధతి, దాన్ని అన్ని కూరలకూ పరచడమే పొరపాటు. ఇలాంటిదే ఇంకో నమ్మకం, చలికాలం రాత్రి వంటింట్లో ఉంచినా ఫ్రిజ్‌లో ఉంచినట్టే అని. ఈ పీఠభూమిలో డిసెంబరు రాత్రి చలి గట్టిదే, అయినా మూసిన వంటింట్లో అది 4 డిగ్రీలకు చేరదు. దుప్పటి కప్పుకునేంత చలిలో కూడా బాక్టీరియా హాయిగా పెరుగుతుంది.

రెండో అభ్యంతరం వాసనది. వాసన రాకపోతే మంచిదే కదా అంటారు. వాసన తెచ్చే బాక్టీరియా, జబ్బు తెచ్చే బాక్టీరియా సాధారణంగా వేరు. కంపు కొట్టే మాంసాన్ని పారేయడం సరైనదే. పచ్చి కోడి జిగురెక్కినా, మటన్ అంచులు ఆకుపచ్చగా మెరిసినా, చేప అమ్మోనియా ఘాటు కొట్టినా ఇక ఆలోచించనక్కర్లేదు. కానీ కంపు లేకపోవడం ఏమీ రుజువు చేయదు. సాల్మొనెల్లా ఉన్న కోడి తాజా కోడిలాగే ఉంటుంది. అందుకే ముక్కుకన్నా గిన్నె మూత మీద రాసిన తేదీ నమ్మదగ్గది.

ఇక డీప్. మైనస్ 18 డిగ్రీల్లో బాక్టీరియా పెరగదు, కాబట్టి ఆ చలి తప్పకుండా ఉన్నంతకాలం ఆహారం కొత్తగా ప్రమాదకరంగా మారదు. అక్కడ తగ్గేది రుచి. కొవ్వు గాలితో కలిసి ముక్క వాసన వేస్తుంది, తేమ ఎగిరిపోయి తెల్లటి పొడి మచ్చలు పడతాయి. ఆ లెక్కన కోడి ముక్కలు తొమ్మిది నెలలు, కైమా మూడు నాలుగు నెలలు, నూనె చేపలు రెండు మూడు నెలలు, రోహు లాంటివి ఆరు నెలల వరకు, వండిన కూర రెండు మూడు నెలలు బాగుంటాయి. అయితే ఈ అంకెలన్నీ నిజమైన మైనస్ 18కి మాత్రమే. ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లోని చిన్న మంచు అర చాలాసార్లు అంత చలికి చేరదు. ఫ్రిజ్ తలుపు మీద అతికించిన నక్షత్రాలు కరెంటు పొదుపుకు సంబంధించినవి, వాటికీ లోపలి చలికీ సంబంధం లేదు. మంచు అర మీద విడిగా ఉండే నక్షత్రాలే చలిని చెబుతాయి. ఒకటైతే మైనస్ 6, రెండైతే మైనస్ 12, మూడైతే మైనస్ 18. మైనస్ 6లో మాంసం వారమే, మైనస్ 12లో నెలే. ఆ గుర్తు కనబడకపోతే ఐస్‌క్రీమ్ చెబుతుంది. రాత్రంతా ఉన్నా చెంచా సులువుగా దిగుతుంటే ఆ అర నెలల నిలవకు పనికిరాదు.

కరెంటు పోయినప్పుడు తలుపు తీయకపోతే కింది అర నాలుగు గంటలు, నిండుగా ఉన్న డీప్ రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు చల్లగా ఉంటాయి. ఊరెళ్లి వచ్చేవాళ్లు చిన్న కప్పులో నీళ్లు గడ్డ కట్టించి, పైన ఒక రూపాయి నాణెం పెట్టి వెళ్లాలి. వచ్చి చూసేసరికి నాణెం మంచు అడుగున ఉంటే, మీరు ఇంట్లో లేనప్పుడు డీప్ కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం. ఆ మాంసం పారేయాలి. మంచు పలుకులు ఇంకా ఉన్నది, ఫ్రిజ్ కింది అరలోనే కరిగినది, మళ్లీ గడ్డ కట్టించినా రుచి తగ్గుతుందే గానీ ప్రమాదం లేదు. కరిగించడానికి మాత్రం వంటింటి గట్టు కాదు, ముందు రోజు రాత్రి కింది అరే సరైన చోటు. కిలో ముక్కకు దాదాపు ఒక రోజు పడుతుంది.

ఇవన్నీ కలిపితే ఇంటి నియమం చిన్నదే. చేప తెచ్చిన రోజే, కోడి మరునాటిలోపే, మటన్ రెండో రోజుకే, మిగిలిన కూర రెండు రోజుల్లో. అంతకన్నా ఎక్కువ కాలం కావాలనిపిస్తే ఆ రోజే, మటన్ అయితే మరునాడు, తేదీ రాసి డీప్‌లో పెట్టాలి. మూడో రోజు అనుమానం వచ్చాక పెట్టే డీప్ అప్పటిదాకా జరిగిన నష్టాన్ని అలాగే గడ్డ కట్టిస్తుంది. మరీ జాగ్రత్త, దండగ అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే. ఈ చిన్న అంకెలు మాంసాన్ని పారేయమని చెప్పవు, ముందే పంచుకుని దాచమంటాయి. పారేయవలసి వచ్చేది పెద్ద అంకె నమ్ముకున్న ఇంట్లోనే.